శనగ బస్తాల మీద అప్పు: ఒక పాత ఫీల్డ్ ఆఫీసరు పాఠాలు

మా అక్క కొడుకు ఈమధ్యే బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా చేరాడు. కోవెలకుంట్ల వైపు పోస్టింగు. "మామా, పంట ధర పడిపోయిన ఏడాది రైతుకు డబ్బు ఎక్కువ అవసరం కదా, సరిగ్గా అదే ఏడాది అతనికి అప్పు ఎందుకంత ఖరీదవుతుంది?" అని అడిగాడు. ఫోన్లో తేలే ప్రశ్న కాదు. అర్థశాస్త్రజ్ఞులు దీనికి ఫైనాన్షియల్ యాక్సిలరేటర్ అని పేరు పెట్టారు. మనకు మాత్రం 2013, 2014లలో కుందూ నది ఇరువైపులా పప్పుశనగ రైతుల గతి చూస్తే చాలు. నేను ఉద్యోగంలో ఉండి చూసినది, తర్వాత చదువుకున్నది కలిపి రాస్తున్నాను.

1. బస్తాల విలువ కాదు, అందులో రైతుది ఎంతో చూడు

ముందు ఆ కాలం ఎలా ఉండేదో చెప్పాలి. కోవెలకుంట్ల, సంజామల, ఉయ్యాలవాడ, చాగలమర్రి. కిందికి దిగితే కడప జిల్లా పెద్దముడియం, రాజుపాళెం, జమ్మలమడుగు, ముద్దనూరు. అంతా నల్లరేగడి. అక్టోబరు వానల పదునులో విత్తితే మంచుకే పండే పంట పప్పుశనగ. ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన జేజీ-11 రకం 1999లో విడుదలైంది. ఎండు తెగులును తట్టుకుంటుంది, తొందరగా చేతికొస్తుంది, యంత్రాలతో సాగు చేసుకోవచ్చు. పత్తి మందులతో విసిగిపోయిన రైతులు దానివైపు మళ్లారు. ధర కలిసొచ్చింది. 2012లో క్వింటా నాలుగు వేలు దాటింది. కళ్లంలోనే అమ్మేయకుండా గోదాముల్లో, కోల్డ్ స్టోరేజీల్లో దాచి, ఆ రసీదు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకోవడం అందరికీ అలవాటైంది. దాచినవాడికి లాభం వచ్చిన ఏళ్లు అంతకు ముందు ఉన్నాయి కాబట్టి అలవాటు తప్పని ఎవరూ అనలేదు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంకెలు తేలిగ్గా ఉండటానికి నేను ఎంచుకున్నవి. ఒక రైతు, పది ఎకరాలు సొంతం, ఐదు గుత్తకు. వంద క్వింటాళ్లు పండాయి. ధర 4,000. స్టోరేజీలో పెట్టిన సరుకు విలువ 4,00,000. బ్యాంకు 25 శాతం మార్జిన్ పట్టుకుని 3,00,000 ఇచ్చింది, వడ్డీ 12 శాతం. ఆ సరుకులో రైతు సొంతం మిగిలింది ఒక లక్ష.

ఏడాది తిరిగేసరికి ధర 3,100 అయింది. సరుకు విలువ 3,10,000. అప్పు వడ్డీతో 3,36,000, స్టోరేజీ అద్దె 10,000 అనుకుందాం. మొత్తం తీర్చాల్సింది 3,46,000. అంటే రైతు చేతి నుంచి ఇంకా 36,000 పెడితే గానీ ఖాతా మూయలేడు. ధర పడింది 22.5 శాతం. అతని సొంత లక్ష మాత్రం మొత్తం పోయి, పైన 36,000 అప్పు మిగిలింది.

బ్రాంచిలో కూర్చున్నవాళ్లు తరచుగా జారిపోయేది ఇక్కడే. "ధర పావు వంతు కూడా తగ్గలేదు, దానికింత గొడవా" అంటారు. ధర తగ్గుదలను సరుకు మొత్తం మీద కొలుస్తారు. నష్టం పడేది మాత్రం రైతు వాటా మీదే. బ్యాంకు ఇచ్చిన మూడు లక్షలు ఒక రూపాయి కూడా తగ్గవు, వడ్డీతో పెరుగుతాయి. నువ్వు ఊరికి పోయినప్పుడు బస్తాలు లెక్కపెట్టు, కానీ నోటు పుస్తకంలో పక్కనే ఇంకో గడి గీసుకో: ఈ రోజు ధరకు అమ్మి, అప్పు, వడ్డీ, అద్దె పోను ఇతనికి మిగిలేది ఎంత. తర్వాత జరిగేదంతా ఆ గడిని పట్టుకునే జరుగుతుంది.

2. బ్యాంకు వెనక్కి తగ్గేది కోపంతో కాదు, కనిపించక

రైతు సొంత వాటా కరిగితే బ్యాంకు ఎందుకు బిగుసుకుంటుంది? అతను నిన్నటి మనిషే. పొలం అదే, పనితనం అదే. మేనేజరు దయలేనివాడని ఊళ్లో అనుకుంటారు. అసలు కారణం వేరు.

అప్పు ఇచ్చినవాడికి అవతలి మనిషి లోపలి లెక్క కనిపించదు. స్టోరేజీలో ఉన్నది నిజంగా జేజీ-11 మేలు సరుకా, నిరుటి పుచ్చు సరుకా? రసీదు ఒకటే ఉందా, ఇంకో బ్యాంకులో నకలు పెట్టారా? పంట నిజంగా తక్కువ పండిందా, కొంత పక్కదారిన పోయిందా? ఇవి తేల్చుకోవాలంటే మనిషిని పంపాలి, బస్తా కోయాలి, శాంపిల్ తీయాలి, గోదాము తాళం రెండో చెవి దగ్గర పెట్టుకోవాలి. అదంతా ఖర్చే. రైతు సొంతం లక్ష అందులో ఉన్నంతకాలం ఆ ఖర్చు పెద్దగా అక్కర్లేదు, ఎందుకంటే సరుకు చెడితే ముందు పోయేది అతని లక్షే. అతనే కాపలా. ఆ లక్ష పోయాక కాపలా పోయింది. ఇప్పుడు సరుకు బాగుంటే లాభం బ్యాంకుకు, చెడితే నష్టం కూడా బ్యాంకుకే. రైతు నీతి మారకపోయినా బ్యాంకు మాత్రం ప్రతి ఖాతానూ అనుమానంతో చూడాల్సి వస్తుంది. ఆ అనుమానం ఖర్చే వడ్డీలో, మార్జిన్‌లో, "రేపు రండి"లో కలుస్తుంది.

ఈ సంగతిని 1989లో బెన్ బెర్నాంకీ, మార్క్ గెర్ట్లర్ అనే ఇద్దరు అమెరికన్లు లెక్కగట్టి చూపించారు. అప్పు తీసుకునేవాడి సొంత ఆస్తి ఎంత తగ్గితే బయటి డబ్బు అంత ఖరీదవుతుందనీ, మాంద్యంలో అందరి ఆస్తీ ఒకేసారి తగ్గుతుంది కాబట్టి మాంద్యం ఇంకా లోతవుతుందనీ వాళ్ల వాదన. బెర్నాంకీ అంతకు ముందే, 1983లో, 1930ల మహామాంద్యం అంత దీర్ఘంగా ఎందుకు సాగిందో రాశాడు. డబ్బు తక్కువైనందుకే కాదు, బ్యాంకులు మూతపడి ఎవరికి అప్పు ఇవ్వచ్చో తెలిసిన యంత్రాంగమే కూలిపోయినందుకు అన్నాడు. 2022లో ఆయనకు వచ్చిన నోబెల్ బహుమతిలో ఆ వ్యాసానికే పెద్ద వాటా. నాకు ఆ వ్యాసం చదువుతుంటే వాషింగ్టన్ కంటే మన బ్రాంచిలో బదిలీ అయిపోయిన పాత ఫీల్డ్ ఆఫీసర్లు ఎక్కువ గుర్తొచ్చారు. ఊరు తెలిసినవాడు పోయి కొత్తవాడు వస్తే, అదే రైతుకు ఆ ఏడాది అప్పు కష్టమవుతుంది.

3. వడ్డీ ఎక్కడం మెట్ల మీద

పుస్తకాల్లో వడ్డీ నున్నగా వంపు తిరిగి పెరుగుతుంది. మన దగ్గర మెట్లుగా ఎగురుతుంది. ఆ మెట్లు తెలియకపోతే నీకు ఊరు అర్థం కాదు.

మొదటి మెట్టు, గడువులో కట్టే రైతు. మూడు లక్షల లోపు పంట రుణానికి 7 శాతం, సకాలంలో కడితే కేంద్రం ఇచ్చే రాయితీతో 4 శాతం. అప్పట్లో రాష్ట్రం ఇచ్చిన సున్నా వడ్డీ, పావలా వడ్డీ పథకాలు కూడా సకాలంలో కట్టినవాడికే. రెండో మెట్టు, గడువు దాటినవాడు. రాయితీ మొత్తం ఎగిరిపోతుంది, మామూలు వడ్డీ పడుతుంది. మూడో మెట్టు, ఓవర్‌డ్యూ ఉన్నందుకు కొత్త అప్పు పుట్టక బయటికి పోయినవాడు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36. ఎరువుల అంగడిలో అరువు తెస్తే వడ్డీ అని రాయరు, మందు డబ్బా మీద కలుపుతారు. మండీలో అడ్వాన్సు తీసుకుంటే పంట ఆ మండీకే తేవాలి, తూకంలోనూ ధరలోనూ కలుస్తుంది.

మన రైతుకు వద్దాం. 36,000 బాకీతో ఇరుక్కున్నాడు. ఖాతా నడవాలంటే బ్యాంకు మార్జిన్ సరిచేయమంటుంది. 3,10,000 సరుకు మీద 75 శాతం లెక్కన 2,32,500కే అప్పు ఉండాలి, ఉన్నది 3,36,000. అంటే 1,03,500 తెచ్చి కట్టాలి. కట్టలేకపోయాడు. అక్టోబరు వచ్చింది. పదిహేను ఎకరాలకు విత్తనం, ఎరువు, మందు, కూలి కలిపి ఎకరాకు 12,000 చొప్పున 1,80,000 కావాలి. బ్యాంకులో దొరికుంటే ఆరు నెలలకు 7 శాతం మీద వడ్డీ 6,300. మూడు రూపాయల వడ్డీకి తెస్తే 32,400. తేడా 26,100. వంద క్వింటాళ్లు పండుతాయనుకుంటే క్వింటాకు 261 రూపాయలు ఖర్చు పెరిగింది. ధర క్వింటాకు 900 తగ్గిన ఏడాదే, పండించే ఖర్చు 261 పెరిగింది. పొలంలో ఏమీ మారలేదు, వాన మారలేదు, అతని ఖాతా పరిస్థితి మారింది, అంతే.

చాలామంది ఆ వడ్డీకి తేరు. గుత్త ఐదు ఎకరాలు వదిలేస్తారు. సొంత పదిలో విత్తనం పాతది వేస్తారు, ఒక పిచికారీ మానేస్తారు, పచ్చపురుగు కాయ తొలిచేసరికి చేతిలో మందు ఉండదు. దిగుబడి పడిపోతే "ఈసారి కాలం బాగలేదు" అని రిపోర్టులో రాస్తాం. కాలం కొంత, ఖాతా కొంత.

4. ఒకడు అమ్మితే బేరం, అందరూ అమ్మితే ఇంకో పతనం

ఇప్పటిదాకా ఒక రైతు లెక్క చెప్పాను. అసలు గొడవ, ఒకే గోదాములో, ఒకే పంట, ఒకే ధర మీద ఎన్నో ఊళ్ల వాళ్లు అప్పు తెచ్చుకోవడం.

2012-13లో దేశంలో శనగ దిగుబడి 88 లక్షల టన్నులు దాటింది, 2013-14లో 95 లక్షల టన్నులు. అప్పటికి అవి రికార్డులు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, మహారాష్ట్ర సరుకు మార్కెట్లను ముంచింది. 2013-14కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 3,100. మార్కెట్ దానికంటే కిందికి దిగింది. మన స్టోరేజీల్లో పాత సరుకు అలాగే ఉంది, దాని మీదికి ఫిబ్రవరిలో కొత్త పంట వచ్చింది. కొత్త సరుకు వచ్చాక పాతదానికి వ్యాపారి ధర తగ్గిస్తాడు, రంగు మారిందంటాడు.

అప్పుల గడువు తీరింది. బ్యాంకులు నోటీసులు ఇచ్చాయి, సరుకు వేలం వేస్తామన్నాయి. కర్నూలు, కడప, ప్రకాశం జిల్లాల్లో రైతులు వేలం ఆపమని రోడ్డెక్కారు. ఇరుపక్షాల వాదనలోనూ నిజముంది. బ్యాంకు ఒక్క ఖాతా చూసుకుంటే వేలం వేయడమే సరైన పని, ఆలస్యం చేసిన కొద్దీ వడ్డీ పెరిగి సరుకు విలువ తగ్గుతుంది. కానీ అన్ని బ్యాంకులూ ఒకే వారం వేలం వేస్తే ఆ సరుకు కొనేవాళ్లు ఎవరు? సాధారణంగా ఎక్కువ ధర పెట్టి కొని దాచుకోగలవాళ్లు ఆ ప్రాంతపు పెద్ద రైతులు, చిన్న వ్యాపారులు. వాళ్ల సొమ్మూ అదే శనగలో ఇరుక్కుంది. మిగిలేది చేతిలో నగదు ఉన్న నలుగురైదుగురు పప్పుమిల్లుల కొనుగోలుదారులు. ధర ఇంకొంచెం దిగుతుంది. ఆ దిగిన ధర చూసి పక్క బ్రాంచి వాళ్ల ఖాతాలు కూడా మార్జిన్ కిందికి పడిపోతాయి. మళ్లీ నోటీసులు. 1997లో నొబుహిరో కియోటాకి, జాన్ మూర్ అనే ఇద్దరు ఈ చక్రాన్నే భూమి ధర మీద పెట్టి చూపించారు. భూమి తాకట్టు వస్తువూ అవుతుంది, ఉత్పత్తి సాధనమూ అవుతుంది. దాని ధర పడితే అప్పు తగ్గుతుంది, అప్పు తగ్గితే భూమి కొనేవాళ్లు తగ్గుతారు, ధర మళ్లీ పడుతుంది.

ఆ భూమి చక్రం మన దగ్గరా తిరిగింది, నెమ్మదిగా. శనగ వెలిగిన ఏళ్లలో నల్లరేగడి గుత్తలు బాగా ఎక్కాయి, పొలాల ధరలూ ఎక్కాయి. గుత్తదార్లు వెనక్కి తగ్గగానే గుత్తలు దిగాయి. గుత్త డబ్బుతో పట్నంలో పిల్లల ఫీజులు కట్టుకునే భూస్వామికి శనగ ధరతో సంబంధం లేదనుకుంటాం. అతని అప్పు పత్రంలో ఆదాయం గడి కూడా తగ్గింది.

దీనికి తోడు బంగారం. మన సీమలో పంట రుణాల్లో బంగారం కుదువ మీద ఇచ్చేవి చాలా ఎక్కువ, నీకు తెలుసు. 2013 ఏప్రిల్ నడుమ రెండు పనిదినాల్లో అంతర్జాతీయ మార్కెట్లో బంగారం 13 శాతం చుట్టుపక్కల పడింది. కర్నూల్లో, ప్రొద్దుటూరులో నగలు కుదువ పెట్టినవాళ్ల ఖాతాల్లో మార్జిన్ కరిగింది. శనగ పోతే నగలు, నగలు పోతే పొలం అని వరుసలో పెట్టుకున్న రైతుకు మొదటి రెండూ ఒకే ఏడాది తగ్గాయి. అయితే బంగారం తేరుకుంది. ఆగస్టు నాటికి రూపాయి పతనం, 10 శాతానికి పెంచిన దిగుమతి సుంకం కలిసి దేశంలో దాని ధరను ముప్పై వేల పైకి ఎక్కించాయి. ఏప్రిల్, మే నెలల్లో భయపడి నగలు వదులుకున్నవాడు నష్టపోయాడు, నాలుగు నెలలు వడ్డీ కట్టి నిలబడ్డవాడు బయటపడ్డాడు. నిలబడాలంటే చేతిలో డబ్బుండాలి. అందుకే ఈ చక్రం అందరినీ ఒకే రకంగా తిప్పదు.

5. ధర ఎక్కేటప్పుడే మార్జిన్ పట్టుకో

యాక్సిలరేటర్ పైకీ పనిచేస్తుంది. ధర 3,000 నుంచి 4,000 అయితే అదే బస్తా మీద ఎక్కువ అప్పు వస్తుంది, ఆ అప్పుతో ఎక్కువ గుత్త పడతాడు, సరుకు ఆపి పెడతాడు, ధర ఇంకొంచెం నిలుస్తుంది. అప్పుడు బ్రాంచి టార్గెట్లు కూడా సులువుగా పూర్తవుతాయి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. 2016లో కరువు తర్వాత శనగ ఎనిమిది వేలు దాటింది. 2018లో కొత్త మద్దతు ధర 4,400 కిందికి వచ్చింది. ఎనిమిది వేల ధర మీద 75 శాతం అప్పంటే 6,000. ఆ అప్పు ఇచ్చినవాడికి 4,000 ధర దగ్గర ఏం మిగులుతుందో నువ్వే లెక్క వేసుకో. ఆ రోజు ధర మీద కాకుండా మూడు నాలుగేళ్ల సగటు ధర మీదో, మద్దతు ధర మీదో అప్పు లెక్కగడితే ధర మంచిగా ఉన్న ఏడాది రైతు తిట్టుకుంటాడు. తిట్టుకోనీ.

6. ఇది ఖాతా జబ్బా, కాలం జబ్బా అని ఎలా పోల్చుకోవాలి

సాగు తగ్గిన ప్రతిసారీ అప్పు దొరక్కే అనుకోకూడదు. వాన లేకపోతే ఎవరూ విత్తరు. ధర బాగలేకపోతే డబ్బున్నవాడు కూడా జొన్నకో పొద్దుతిరుగుడుకో మారతాడు. అది జబ్బు కాదు, తెలివి. తేడా ఎలా చూడాలి?

ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరిని చూడు. ఒకే రేగడి, ఒకే వాన, ఒకే మార్కెట్. ఒకతనికి అప్పు లేదు, రెండోవాడు స్టోరేజీలో ఇరుక్కున్నాడు. ఇద్దరూ ఒకే రకంగా శనగ తగ్గించుకుంటే కారణం ధర. మొదటివాడు మామూలుగా విత్తి, రెండోవాడు పదును ఆరిపోయాక పది రోజులు ఆలస్యంగా విత్తి, ఒక మందు తక్కువ కొడితే కారణం ఖాతా. గెర్ట్లర్, గిల్‌క్రిస్ట్ 1994లో అమెరికా ఫ్యాక్టరీల మీద ఇలాంటి పోలికే చేశారు. డబ్బు బిగిసినప్పుడు చిన్న కంపెనీలు పెద్దవాటికంటే ఎక్కువగా ఉత్పత్తి, సరుకు నిల్వలు తగ్గించుకున్నాయని తేలింది. వాళ్లు లెక్కల పుస్తకాలతో చేసింది, నువ్వు గట్టు మీద నిలబడి చేయొచ్చు.

ఇంకో గుర్తు బ్రాంచిలోనే కనిపిస్తుంది. డిపాజిట్లు పెరుగుతూ ఉంటాయి, పంట రుణాలు తగ్గుతూ ఉంటాయి, పట్నంలో ఉద్యోగులకు ఇంటి రుణాలు పెరుగుతాయి. డబ్బు లేక కాదు, కాగితం గట్టిగా ఉన్నవాళ్ల వైపు అది మళ్లింది. అదే సమయంలో ఒకే బజారులో ఒకే షావుకారి దగ్గర ఒకరికి రూపాయిన్నర, ఇంకొకరికి మూడు రూపాయలు పలుకుతుంటే అది ఇంకా పక్కా గుర్తు. డబ్బు మొత్తం కరువైతే ఇద్దరికీ పెరగాలి.

7. మాఫీ ఎప్పుడు అందుతుందన్నదే లెక్క

కరిగిన సొంత ఆస్తిని ప్రభుత్వం నింపితే చక్రం ఆగాలి. సిద్ధాంతం ప్రకారం మాఫీ మంచిదే. 2014 ఎన్నికల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2013 డిసెంబరు 31 నాటి పంట రుణాల్లో కుటుంబానికి లక్షన్నర దాకా మాఫీ అంది. యాభై వేల లోపు ఒకేసారి, మిగిలినవాళ్లకు విడతలు. మాట వినపడిన రోజు నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా నెలలు పట్టింది. ఆ మధ్యలో రైతు కట్టడం ఆపాడు, ఖాతా ఓవర్‌డ్యూ అయింది, మామూలు వడ్డీ పడింది, కొత్త పంట రుణం ఆగింది. పంట రుణం లేకపోతే దాంతో పాటు కోతపడే బీమా ప్రీమియం కూడా లేదు. రైతు ఆస్తి నింపడానికి వచ్చిన సాయం, చేతికందేదాకా అతన్ని మూడో మెట్టు మీదే నిలబెట్టింది.

ఇది కొత్తదేం కాదు. కర్నూలు, కడప మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1930ల ధరల పతనం తర్వాత, రాజాజీ మంత్రివర్గం 1938లో రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. పాత భారం దిగింది. కానీ చట్టం తన నోటును ఎప్పుడైనా తగ్గించవచ్చని తెలిసిన షావుకారి కొత్త నోటు రాయడానికి ఊరికే ముందుకు రాడు. పాత అప్పు తీర్చడం, కొత్త అప్పు పుట్టించడం రెండు వేరు పనులు. మొదటిది చేసి రెండోది వదిలేస్తే సగం పనే.

నీ చేతిలో ఉన్న సాధనం ఇంకొకటి, రుణాల రీషెడ్యూలు. ఆర్బీఐ నిబంధనలు ప్రకృతి వైపరీత్యానికి ఇస్తాయి. పంట నష్టం 33 శాతం ఉంటే, 2015కి ముందు 50 శాతం ఉంటే, స్వల్పకాలిక రుణాన్ని టర్మ్ లోనుగా మార్చవచ్చు. కరువు మండలం ప్రకటన రావాలి. మన 2013-14 శనగ రైతుకు పంట పండింది! ధర పోయింది. దిగుబడి బీమా అతనికి వర్తించదు, కరువు నిబంధన వర్తించదు. బాగా పండించిన నేరానికి మామూలు వసూలు దారిలోకి వచ్చాడు. ధర పతనంలో నువ్వు చేయగలిగేది గడువు దాటకముందు చేసేదే: గడువుకు రెండు నెలల ముందే పిలిచి, సరుకులో కొంత భాగం అమ్మించి, మిగిలినదాని మీద అప్పును కొత్త ధరకు తగ్గించి నడిపించడం. గడువు దాటాక సాఫ్ట్‌వేరే నీకు అడ్డం పడుతుంది.

8. కళ్లంలోనే 40 క్వింటాళ్లు

పోయిన లెక్కనే ఇంకోలా వేద్దాం. అదే వంద క్వింటాళ్లు, అదే 4,000 ధర. కళ్లంలోనే 40 క్వింటాళ్లు అమ్మాడు, 1,60,000 వచ్చింది. మిగిలిన 60 క్వింటాళ్ల విలువ 2,40,000. వాటి మీద 75 కాకుండా 60 శాతమే, 1,44,000 అప్పు. చేతికి వచ్చిన డబ్బు 3,04,000. అంటే మొత్తం దాచి మూడు లక్షలు తెచ్చుకున్నవాడికంటే తక్కువేమీ కాదు.

ధర 3,100కి పడితే 60 క్వింటాళ్లు 1,86,000. అప్పు, వడ్డీ కలిపి 1,61,280, అద్దె 6,000. మిగులు 18,720. ఖాతా మూసుకుంది, రాయితీ వడ్డీ నిలిచింది, అక్టోబరులో కొత్త పంట రుణం వచ్చింది. మొత్తం దాచినవాడు ఆఖరికి 2,64,000 చూశాడు, ఇతను 3,22,720. తేడా 58,720. పైన చెప్పిన 26,100 వడ్డీ తేడా ఇందులో కలపలేదు.

మరి ధర 5,000కి పెరిగుంటే? మొత్తం దాచినవాడికి ఆఖరికి 4,54,000, ఇతనికి 4,36,720. వదులుకున్నది 17,280. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి రైతు ముందు పెట్టు, ఉపన్యాసం అక్కర్లేదు. నేను చూసినంతలో చాలామంది రైతులు ధర పెరుగుతుందా లేదా అని వాదిస్తారు గానీ ఈ లెక్కను వాదించరు.

ఒక ఇబ్బంది ఉంది. కళ్లంలో అమ్మిన 1,60,000లో ఎంత అతని ఇంటికి చేరుతుందో నీకు తెలియాలి. ఎరువుల అంగడి బాకీ, గుత్త, కూలి పోను చేతికి ఏమీ మిగలనివాడికి ఈ సలహా పనికిరాదు. అతని ఇబ్బంది నిల్వలో లేదు, అంతకు ముందే ఉంది. రెండోది, మొత్తం దాచినవాడి ఖాతా 3,460 ధర దగ్గరే మునుగుతుంది. ఇతనిది 2,788 దాకా నిలుస్తుంది, అంతకు దిగితే ఇతనిదీ మునుగుతుంది. మద్దతు ధరకు ప్రభుత్వం కొనుగోలు కేంద్రాలు తెరిచిన ఏడాది ధర అంతదూరం పోయేది తక్కువ. కేంద్రాలు ఆలస్యంగా తెరుచుకున్నా, ఎకరానికి ఇన్ని క్వింటాళ్లే అని పరిమితి పెట్టినా ఆ భరోసా చాలదు. ఫిబ్రవరిలో స్టోరేజీ తనిఖీకి పోయే ముందు ఆ ఏడాది కొనుగోలు కేంద్రం తేదీ, పరిమితి కనుక్కుని పో. మార్జిన్ ఎంత పట్టాలో దాన్నిబట్టి తేల్చుకో.